పేరాలతో నిండిన స్లైడ్‌ను ఖాళీ చేయడం ఎలా: గొలుసుకట్టు చెరువుల సెమినార్ ఒకటి దగ్గర పెట్టుకుని

డిగ్రీ, పీజీ సెమినార్లలో ఒక స్లైడ్ తరచూ కనిపిస్తుంది. పైన శీర్షిక, దాని కింద రికార్డు నోట్సులోంచి దించిన రెండు పేరాలు, మూలన కాలేజీ లోగో. విద్యార్థి తెర వైపు తిరిగి ఆ పేరాలు చదువుతాడు. కూర్చున్నవాళ్లూ అదే చదువుతారు, కాకపోతే వాళ్ల కళ్లు అతని గొంతు కంటే ముందు పరిగెడతాయి. అతను మూడో వాక్యంలో ఉండగానే వీళ్లు పేరా పూర్తి చేసి ఫోన్లు తీస్తారు. రిచర్డ్ మేయర్ అనే విద్యా మనస్తత్వవేత్త దీని మీద చాలా ప్రయోగాలు చేశాడు. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే జనానికి బాగా ఎక్కుతుంది, అవే మాటలు తెర మీద కూడా రాసి పెడితే ఎక్కడం తగ్గుతుంది అని ఆయన తేల్చాడు.

ఇక్కడ ఒకే సెమినార్‌ను తీసుకుందాం. విషయం కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో ఉన్న గొలుసుకట్టు చెరువులు, అంటే ఒకటి నిండితే మిగులు నీరు కింది చెరువుకు పోయేలా కట్టిన చెరువుల వరుస. అందులో మూడు స్లైడ్లు: చెరువులు ఎందుకు పాడయ్యాయి, గొలుసుకట్టు ఎలా పనిచేస్తుంది, నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగు ఎలా ఉంటుంది. మూడింటిలోనూ పేరాలే ఉన్నాయి, కానీ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మీ విషయం బ్యాంకింగ్ అయినా బయోకెమిస్ట్రీ అయినా పని జరిగే వరుస ఇదే.

ముందు పేరాను కిందకి దించండి

ఏదీ చెరిపేయకండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ కింద Notes అనే చోటు ఉంటుంది. కనిపించకపోతే అడుగు పట్టీలో Notes మీద నొక్కితే తెరుచుకుంటుంది. పేరా ఉన్న పెట్టెలో క్లిక్ చేసి Ctrl+A, Ctrl+X కొట్టి, Notes లోకి వెళ్లి Ctrl+V కొట్టండి. ఇప్పుడు స్లైడ్ మీద శీర్షిక ఒక్కటే మిగిలింది. మీరు చెప్పాల్సిన మాటలన్నీ అడుగున భద్రంగా ఉన్నాయి.

ఈ పని ముందే చేయమనడానికి కారణం ఉంది. పేరా తెర మీద ఉండగా కుదించబోతే ఏ మాట తీసేయాలన్నా చెయ్యి రాదు. ఒక విశేషణం తీస్తారు, ఒక "మరియు" తీస్తారు, చివరికి తొంభై మాటల పేరా డెబ్బై అవుతుంది. ఖాళీ స్లైడ్ ముందు కూర్చుంటే ఆలోచన తిరగబడుతుంది: దీని మీద ఏది పెట్టకపోతే నా మాట వాళ్లకు అర్థం కాదు? అది మాత్రమే పైకి వస్తుంది.

మాట్లాడేటప్పుడు Notes మీకు మాత్రమే కనిపించే ఏర్పాటు Presenter View. ప్రొజెక్టర్ లేకుండా ఇంట్లోనే దాన్ని సాధన చేయాలంటే Alt+F5 కొట్టండి. అయితే Notes లోని పేరా పుస్తక భాషలో ఉంటుంది. దాన్ని ఒకసారి మీ నోటి మాటలోకి తిరగరాసుకోండి, లేకపోతే తెర మీద చదవడం మానేసి ల్యాప్‌టాప్‌లో చదవడం మొదలవుతుంది.

పేరా ఏం పని చేస్తోందో చూడండి

ఇప్పుడు Notes లోని పేరాను చదివి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ వాక్యాల వరుస మార్చేస్తే ఏమవుతుంది?

వరుస మార్చినా ఏమీ కాకపోతే అది జాబితా. నాలుగు కారణాలు, ఐదు లాభాలు, మూడు రకాలు అన్నీ ఈ కోవలోవే. వీటికి చిన్న పదబంధాలు సరిపోతాయి. వరుస మారిస్తే అర్థం కూలిపోతే, అంటే ఇది జరిగితే అది, ఇక్కడి నుంచి అక్కడికి, దీని వల్ల ఇది అన్నట్టుంటే, దానికి రేఖాచిత్రం కావాలి. ఇక పేరా అంతా ఒక వస్తువు ఎలా ఉంటుందో వర్ణించడానికే పాట్లు పడుతుంటే, ఎత్తు, ఆకారం, రాయి, వంపు అంటూ పోతుంటే, దానికి ఫోటో పెట్టి పక్కకు తప్పుకోవడమే మేలు.

ఒకే పేరాలో రెండు రకాలు కలిసి ఉండటం మామూలే. అప్పుడు దాన్ని రెండు స్లైడ్లు చేయండి. స్లైడ్ల సంఖ్యకు భయపడేవాళ్లను చాలామందిని చూశాను. "పది స్లైడ్లకు మించకూడదు" అని గైడ్ అన్నారని ఇరవై స్లైడ్ల సరుకును పదిలో కుక్కుతారు. వినేవాళ్లకు తెలిసేది మీరు తీసుకున్న నిమిషాలే, స్లైడ్లను ఎవరూ లెక్కపెట్టరు. నిజంగానే పది మాత్రమే అనే నియమం ఉంటే సరుకు తగ్గించుకోండి, అక్షరం సైజు తగ్గించకండి.

శీర్షికలో విషయం చెప్పేయండి

"చెరువుల పతనానికి కారణాలు" అనే శీర్షిక అటక మీది డబ్బాకు అంటించిన చీటీ లాంటిది. లోపల ఏదో ఉందని చెబుతుంది, ఏముందో చెప్పదు. కాబట్టి కింద పేరా రాయక తప్పదు. అదే "పూడిక తీయడం మానేశాక చెరువులు చిక్కిపోయాయి" అని శీర్షిక పెడితే సగం పేరా పని అక్కడే అయిపోతుంది. శీర్షిక పూర్తి అర్థం ఇచ్చే చిన్న వాక్యం కావాలి, ఒకటిన్నర వరుస దాటకూడదు.

శీర్షిక విషయంలో ఒక పాత ఉదాహరణ చెప్పాలి. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక ఆకాశంలో ఉండగా, ప్రయోగ సమయంలో ఊడిపడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలిందని తెలిసింది. దాని వల్ల ప్రమాదం ఉందా లేదా అని ఇంజనీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక చదివితే ఫరవాలేదన్న ధైర్యం వస్తుంది. కానీ అదే స్లైడ్‌లో అన్నిటికంటే కింద, ఉప-ఉప బుల్లెట్‌గా, ఒక పోలిక ఉంది: తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, తాము ఆధారపడుతున్న పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షల ఆధారంగా ఏమీ చెప్పలేమని ఆ ఒక్క వరుసే చెబుతోంది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని దర్యాప్తు బోర్డు అనలేదు. కానీ తన నివేదికలో దాన్ని అచ్చువేసి, ఇది చదివిన పెద్ద అధికారికి ప్రాణాపాయం గురించి మాట్లాడుతున్నారని తట్టకపోవచ్చని రాసింది.

పేరాను బుల్లెట్లుగా నరికినంత మాత్రాన స్లైడ్ బాగుపడదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ స్లైడ్‌లో ఉన్నవి బుల్లెట్లే. అక్కడ కావలసింది "పరీక్షించిన దానికంటే 640 రెట్లు పెద్ద ముక్క తగిలింది" అనే శీర్షిక, కింద ఒక చిన్న చదరం, పక్కన ఒక పెద్ద చదరం. అందుకే మీ పేరాలో ఉన్న వాక్యాలన్నిటిలోకీ బరువైనది ఏదో వెతికి, దాన్ని శీర్షికకు ఎక్కించండి. అది తరచూ పేరా చివర్లో, "అయితే" అనే మాట తర్వాత దాక్కుని ఉంటుంది.

జాబితా పేరాను పదబంధాలుగా మార్చడం

మన మొదటి స్లైడ్‌లోని పేరా ఇది:

> గతంలో రైతులు ఏటా వేసవిలో చెరువుల్లోని పూడిక మట్టిని తీసి తమ పొలాలకు తోలుకునేవారు. రసాయన ఎరువుల వాడకం పెరిగిన తరువాత ఈ అలవాటు తగ్గిపోవడంతో పూడిక పేరుకుపోయి చెరువుల నీటి నిల్వ సామర్థ్యం గణనీయంగా తగ్గిపోయింది. చెరువులో నీరు నిలిచే శిఖం భూములు క్రమేణా ఆక్రమణలకు గురయ్యాయి. చెరువులకు వరద నీటిని చేరవేసే కాలువలు పూడిపోవడం, మూసివేతకు గురికావడం జరిగింది. బోరుబావులు విస్తృతంగా అందుబాటులోకి రావడంతో రైతులు చెరువు నీటిపై ఆధారపడటం తగ్గి, నిర్వహణ పట్ల శ్రద్ధ కూడా సన్నగిల్లింది.

వరుస మార్చినా నష్టం లేదు, కాబట్టి ఇది జాబితా. ప్రతి వాక్యానికీ "ఎవరికి ఏమైంది" అని అడగండి. జవాబు మూడు నుంచి ఐదు మాటల్లో వస్తుంది:

> చెరువులు నాలుగు విధాలా దెబ్బతిన్నాయి
> పూడిక తీయడం ఆగిపోయింది
> శిఖం ఆక్రమణ పాలైంది
> వరద కాలువలు మూసుకుపోయాయి
> బోర్లు వచ్చి చెరువు పట్టింపు పోయింది

నాలుగూ క్రియతోనే ముగిశాయని గమనించండి. ఒకటి క్రియతో, ఒకటి నామంతో, మరొకటి "వల్ల"తో ముగిస్తే చదివేవాడి కన్ను ప్రతి వరుస దగ్గరా తట్టుకుంటుంది. వేసవిలో మట్టి తోలుకోవడం, ఎరువుల సంగతి Notes లోనే ఉన్నాయి, అవి మీరు నోటితో చెబుతారు. నిజానికి ఎవరైనా ఆసక్తిగా వినేది ఆ భాగమే.

తెలుగులో పదబంధాలు తయారుచేసేటప్పుడు రెండు గుంతలు ఉన్నాయి. మొదటిది పొడుగాటి సమాసం. పొదుపు చేద్దామని "నీటి నిల్వ సామర్థ్య క్షీణత" అని రాస్తారు. అది నాలుగు మాటలే, కానీ వెనక బెంచీవాడు దాన్ని మనసులో విప్పుకోవాలి. "నిల్వ తగ్గింది" అంటే విప్పే పనే లేదు. "గురికావడం జరిగింది" లాంటివి కనిపిస్తే మారు ఆలోచించకుండా కొట్టేయండి.

రెండోది ఇంకా ప్రమాదం. మన వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. అవునా కాదా, అయిందా అవ్వాలా, చేయాలా చేయకూడదా అన్నీ ఆఖరి క్రియే చెబుతుంది. కుదించేటప్పుడు ముందు తెగేది ఆ తోకే. "ఎగువ పొలాలు మునుగుతాయి కనుక అలుగు ఎత్తు పెంచకూడదు" అన్న వాక్యాన్ని "అలుగు ఎత్తు పెంపు" అని కుదిస్తే అర్థం తలకిందులైంది. ఇంకో ఉదాహరణ చూడండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద సుమారు 46 వేల చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. దీన్ని "మిషన్ కాకతీయ: 46 వేల చెరువుల పునరుద్ధరణ" అని రాస్తే అన్నీ అయిపోయాయనే అర్థం వస్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటి చోటే. "లక్ష్యం: 46 వేల చెరువులు" అని రాస్తే మాటలు ఇంకా తగ్గాయి, నిజం నిలిచింది. కాబట్టి ప్రతి పదబంధం రాశాక Notes లోని వాక్యం తోకతో దాన్ని పోల్చి చూడండి. "కాదు, లేదు, కూడదు, కావచ్చు, లక్ష్యం, అంచనా" ఈ ఆరింటిలో ఏదైనా జారిపోయిందంటే వెనక్కి తెచ్చి పెట్టండి.

ఒక స్లైడ్ మీద ఎన్ని వరుసలు ఉండాలని అడుగుతారు. నాలుగైదు అనుకోండి. ఆరోది రాయాలనిపిస్తే జాబితాలో రెండు విషయాలు కలిసి ఉన్నాయేమో చూడండి.

వరుస తప్పని పేరాను బొమ్మగా గీయడం

రెండో స్లైడ్ పేరా:

> ఎగువన గుట్టల మీద పడిన వాన నీరు వాగుల ద్వారా మొదటి చెరువులోకి చేరుతుంది. చెరువు నిండాక మిగులు నీరు అలుగు మీదుగా పొర్లి కాలువ గుండా దిగువన ఉన్న రెండో చెరువుకు వెళుతుంది. మొదటి చెరువు తూము ద్వారా ఆయకట్టుకు వదిలిన నీటిలో పొలాలు వాడుకోగా మిగిలినది కూడా రెండో చెరువుకే చేరుతుంది. ఇలా ఒకదాని తరువాత ఒకటి నిండి, చివరికి మిగిలిన నీరు నదిలో కలుస్తుంది. పై చెరువు కట్ట తెగితే ఆ వరద ఒక్కసారిగా కింది చెరువు మీద పడి దాని కట్టకు కూడా ప్రమాదం తెస్తుంది.

కంప్యూటర్ పక్కన పెట్టి ఈ పేరాను ఒక కాగితం మీద రాసుకోండి, లేదా ప్రింట్ తీయండి. పెన్నుతో వస్తువుల పేర్ల చుట్టూ గుండ్రాలు చుట్టండి: గుట్టలు, మొదటి చెరువు, రెండో చెరువు, ఆయకట్టు, నది. తర్వాత కదలిక చెప్పే మాటల కింద గీత గీయండి: చేరుతుంది, పొర్లి వెళుతుంది, వదిలిన, కలుస్తుంది. గుండ్రాలు బొమ్మలో పెట్టెలవుతాయి, గీతలు బాణాలవుతాయి. ప్రతి బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పేరా చెప్పాలి. చెప్పకపోతే ఆ విషయం మీకే సరిగా తెలియదన్నమాట. బొమ్మ గీయబోతే ఇలాంటివి బయటపడతాయి, పేరాలో హాయిగా దాగిపోతాయి.

ఇక్కడ చాలామంది SmartArt తెరిచి అందంగా కనిపించిన దాన్ని ఎంచుకుంటారు. వరుసగా పక్కపక్కన ఉండే బాణాల డిజైన్ పెడితే చెరువు 1, చెరువు 2, నది అని వస్తుంది. ఆయకట్టు దారి పోయింది. గుండ్రంగా తిరిగే Cycle డిజైన్ పెడితే ఇంకా తప్పు, నది నీరు మళ్లీ గుట్ట ఎక్కినట్టు చూపిస్తుంది. మన పేరాలో నీళ్లకు రెండు దారులు ఉన్నాయి, ఒకటి అలుగు మీదుగా, ఒకటి తూము గుండా. గొలుసుకట్టులో తెలుసుకోవాల్సిన అసలు విషయమే అది. అందుకే Insert > Shapes లోంచి మీరే గీయండి.

స్లైడ్ పైన ఎడమ మూలలో "గుట్టలు", కింద కుడి మూలలో "నది", మధ్యలో మెట్లు దిగినట్టు "చెరువు 1", "చెరువు 2" పెట్టండి. నీరు పల్లానికి పారుతుంది కనుక బొమ్మా పల్లానికే దిగాలి. ప్రతి చెరువుకు ఎడమవైపు కింద "ఆయకట్టు" పెట్టె. చెరువు నుంచి చెరువుకు లావు నీలి బాణం, దాని మీద "అలుగు" అనే ఒక్క మాట. చెరువు నుంచి ఆయకట్టుకు సన్నని ఆకుపచ్చ బాణం, దాని మీద "తూము". ఆయకట్టు నుంచి కింది చెరువుకు అదే ఆకుపచ్చ బాణం. రెండో చెరువు దగ్గర ఈ మాటలు మళ్లీ రాయనక్కర్లేదు, రంగే చెబుతుంది. అయితే రంగులు సరిగా కనబడనివాళ్లు, వెలిసిపోయిన ప్రొజెక్టర్లు రెండూ ఉంటాయి కనుక లావు సన్నం తేడా తప్పకుండా ఉంచండి.

బాణానికి Shapes లోని Lines వరుసలో ఉన్న Arrow తీసుకుని, దాని కొసను పెట్టె అంచు దగ్గరకు తెస్తే చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్క మీద వదిలితే బాణం పెట్టెకు అతుక్కుంటుంది. తర్వాత పెట్టెను జరిపినా బాణం వెంట వస్తుంది. అతికించకుండా గీస్తే ఒక్క పెట్టె జరిపినందుకు బొమ్మంతా మళ్లీ సర్దాలి. మెట్ల వరుసలోని పెట్టెలు వంకరగా కనిపిస్తే వాటిని మాత్రం ఎంచుకుని Shape Format > Align లోని Distribute ఆదేశాలు వాడండి, కంటితో సర్దకండి.

పేరాలోని ఆఖరి వాక్యం, కట్ట తెగే సంగతి, ఈ బొమ్మలో పెట్టలేదు. అది వేరే ఘట్టం. బొమ్మ పూర్తయ్యాక ఎడమవైపు చిన్న స్లైడ్ల వరుసలో దాన్ని ఎంచుకుని Ctrl+D కొట్టండి. వచ్చిన రెండో కాపీలో "చెరువు 1" పెట్టెను ఎర్రగా చేసి, అక్కడి నుంచి కిందికి ఒక ఎర్ర బాణం గీసి, మిగతా వాటిని బూడిద రంగులోకి మార్చండి. శీర్షిక "పై కట్ట తెగితే కింది కట్టకు ముప్పు". స్లైడ్ మారగానే ఉన్న చోటే రంగు మారినట్టు కనిపిస్తుంది. యానిమేషన్ అక్కర్లేదు. PDF చేసినా ఈ పద్ధతి చెడదు, యానిమేషన్ చెడుతుంది.

పేర్ల సంగతి ఒకటి. వినేవాళ్లు వరంగల్ వైపు వాళ్లయితే బాణం మీద "మత్తడి" అని రాయండి, రాయలసీమ వాళ్లయితే "మరవ" అంటేనే చప్పున తెలుస్తుంది. బొమ్మ మీద ఒకే మాటకు చోటుంది కనుక ఆ మాట వాళ్లదై ఉండాలి.

వర్ణించే పేరాకు ఒకే ఫోటో

మూడో స్లైడ్‌లో అలుగు గురించి ఆరు వరుసలు ఉన్నాయి. కట్టకు ఒక కొసన రాతితో కట్టిన గోడ, కట్ట కంటే తక్కువ ఎత్తు, చెరువు నిండితే నీరు దాని మీదుగా పొర్లడం, కింద నేల కోసుకుపోకుండా రాళ్లు పరచడం. ఎంత చదివినా చూడనివాడికి బొమ్మ కట్టదు. ఈ పేరా మొత్తం Notes లోకి పోవాలి, స్లైడ్ నిండా అలుగు పారుతున్న ఫోటో ఒక్కటే ఉండాలి.

ఏ ఫోటో అన్నదే ఇక్కడ నిర్ణయం. సూర్యాస్తమయంలో మెరిసే రామప్ప చెరువు ఫోటో అందంగా ఉంటుంది, కానీ అందులో అలుగు కనపడదు. ఫోటోను పరీక్షించే పద్ధతి సులువు: శీర్షికలో చెప్పిన విషయాన్ని ఫోటోలో వేలు పెట్టి చూపించగలగాలి. "కట్ట కంటే అలుగు ఎత్తు తక్కువ" అని శీర్షిక పెడితే కట్ట, అలుగు రెండూ ఒకే ఫ్రేములో పడాలి. పక్కన ఒక మనిషో గేదో ఉంటే ఎత్తు కూడా తెలుస్తుంది. కరచాలనం, బల్బు, ప్రశ్నార్థకం పట్టుకున్న తెల్ల బొమ్మ లాంటివి వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేనివి. అవి పెట్టేకంటే ఖాళీగా వదిలేయండి.

మీ ఊళ్లో చెరువుంటే వానాకాలంలో ఫోన్‌తో మీరే తీయండి. ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. ఫోన్ ఫోటో మామూలుగా 4:3 నిష్పత్తిలో వస్తుంది, స్లైడ్ 16:9, కాబట్టి పైనా కిందా కొంత కత్తిరించక తప్పదు. ముఖ్యమైనది అంచులకు తగలకుండా తీయండి. వేరేవాళ్ల ఫోటో అయితే వికీమీడియా కామన్స్‌లో వెతికి, తీసినవారి పేరు, లైసెన్సు పేరు స్లైడ్ అడుగున చిన్నగా వేయండి.

స్లైడ్‌లో పెట్టాక పెద్దది చేయాలంటే మూల పట్టుకుని లాగండి. పక్క అంచు పట్టుకుని లాగితే గేదె సాగిపోతుంది. మిగిలింది Crop తో కత్తిరించండి. ఫోటో మీద ఒకటి రెండు పేర్లకు మించి రాయకండి, "అలుగు", "కట్ట" చాలు. తెల్లగా నురగలు కక్కే నీళ్ల మీద తెల్ల అక్షరాలు కనిపించవు కాబట్టి అక్షరాల వెనక ముదురు రంగు పట్టీ ఒకటి వేయండి. ఫోటోలు ఎక్కువై ఫైలు బరువెక్కితే, ఫోటో ఎంచుకుని Picture Format > Compress Pictures లో Apply only to this picture టిక్ తీసేసి 150 ppi పెట్టండి, ప్రొజెక్టర్‌కు అది సరిపోతుంది.

తెలుగు అక్షరాలకు చోటు

స్లైడ్ ఖాళీ అయిందని సంబరపడే ముందు అక్షరాలు చూడాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వొత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపడే వరుసల దూరంలో పై వరుస వొత్తు కింది వరుస గుడికి తగిలి రెండూ చదవలేకుండా పోతాయి. Line Spacing Options లో Multiple ఎంచుకుని 1.2 దగ్గర మొదలుపెట్టి, వొత్తులు విడివడేదాకా పెంచండి. మొత్తం పాఠాన్ని Bold చేస్తే "ష్ట్ర", "ద్ధ" లాంటివి ముద్దవుతాయి, శీర్షికకే Bold ఉంచండి. సైజు 28 కంటే తగ్గనివ్వకండి. 24కు దించితే తప్ప పట్టడం లేదంటే ఇంకా మాటలు ఎక్కువున్నాయని అర్థం.

ఫాంటు Nirmala UI అయితే విండోస్‌తోనే వస్తుంది కనుక సెమినార్ హాల్ కంప్యూటర్‌లోనూ ఉంటుంది. Noto Sans Telugu లాంటిది వాడితే File > Options > Save లో Embed fonts in the file టిక్ చేయండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన స్లైడ్ మాత్రం ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్పించుకోండి, ఎలాగూ మాటలు తగ్గించారు కనుక మళ్లీ టైపు చేసినా పది నిమిషాల పని. ఏది ఎలా ఉన్నా పెన్‌డ్రైవ్‌లో ఒక PDF కాపీ ఉంచుకోండి.

తర్వాత ఇంట్లోనే ఒక పరీక్ష. హాలులో తెర ఎత్తు నాలుగు అడుగులు, చివరి బెంచీ ముప్పై రెండు అడుగుల దూరం అనుకుంటే అది తెర ఎత్తుకు ఎనిమిది రెట్లు. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు సుమారు 19 సెంటీమీటర్లు, దానికి ఎనిమిది రెట్లు అంటే ఒకటిన్నర మీటరు, ఐదు అడుగులు. F5 కొట్టి ఐదడుగులు వెనక్కి వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి చదవలేకపోయింది చివరి బెంచీవాడికీ కనపడదు. ఇంట్లో ఎవరినైనా పిలిచి స్లైడ్‌ను ఐదు సెకన్లు చూపించి B నొక్కండి, తెర నల్లబడుతుంది. "ఏం చూశావు" అని అడగండి. "చెరువు నుంచి చెరువుకు నీళ్లు పోతున్నాయి" అంటే బొమ్మ పనిచేసింది. "ఏవో బాణాలు" అంటే శీర్షికా బొమ్మా ఒకే మాట చెప్పడం లేదు.

"కంటెంట్ ఏదీ?" అంటే

కొందరు గైడ్‌లు ఖాళీ స్లైడ్ చూడగానే పని చేయలేదనుకుంటారు. వాళ్లతో వాదించడం దండగ. File > Print లో Full Page Slides అని ఉన్న చోట Notes Pages ఎంచుకుని ప్రింట్ తీస్తే, కాగితం పైసగంలో స్లైడ్, కింద సగంలో మీ పేరా మొత్తం వస్తుంది. అది ముందు రోజే వాళ్ల చేతిలో పెట్టండి. రాలేకపోయినవాళ్లకు స్లైడ్లు పంపమన్నా ఇదే PDF పంపండి, ఎందుకంటే మనిషి లేని ఖాళీ స్లైడ్ ఎవరికీ అర్థం కాదు.

కుదించకూడనివీ కొన్ని ఉన్నాయి. నిర్వచనం, చట్టం సెక్షన్, శాసనంలోని పంక్తి యథాతథంగా చూపించి దాని మీద చర్చించాలంటే పూర్తి పాఠమే ఉండాలి. పాకాల చెరువు శాసనం గురించి మాట్లాడుతూ దాన్ని బుల్లెట్లు చేస్తే చర్చించడానికి ఏమీ మిగలదు. అలాంటప్పుడు ఆ ఒక్క భాగాన్నే స్లైడ్ నిండా పెట్టి, మీరు మాట్లాడబోయే రెండు మూడు మాటలకు మాత్రం రంగు వేసి, వాళ్లు చదివేదాకా నోరు మూసుకుని నిలబడండి.